బోరిక్ పౌడర్ బొద్దింకలను ఎలా చంపుతుంది? పసిపిల్లలున్న ఇంట్లో దాన్ని ఎక్కడ పెట్టాలి?

మూడేళ్ల కిందట హైదరాబాద్‌లో మేం అద్దెకు దిగిన ఫ్లాట్‌లో వంటింటి లైటు వేయగానే గట్టు మీద నుంచి చిన్న చిన్న బొద్దింకలు చెల్లాచెదురుగా పరుగెత్తేవి. స్ప్రే కొట్టిన రాత్రి కనిపించేవి కావు. నాలుగో రోజుకు మళ్లీ వచ్చేవి. ఇంటి ఓనర్ ఆంటీ ఓ చిట్కా చెప్పారు. "స్ప్రేలతో పోవమ్మా అవి. మెడికల్ షాపులో బోరిక్ పౌడర్ తెచ్చి, గోధుమపిండి, చక్కెర కలిపి పాలతో ఉండలు చెయ్యి. మూలమూలకీ ఒకటి పెట్టు. మా అమ్మ కాలం నుంచీ ఇదే" అన్నారు.

20 గ్రాముల బోరిక్ పౌడర్, 20 గ్రాముల గోధుమపిండి, 10 గ్రాముల చక్కెర కలిపాను. రేగిపండంత ఉండలు పది అయ్యాయి. ఫ్రిజ్ కింద, సిలిండర్ పక్కన, సింక్ కింద పెట్టేశాను. రెండు వారాల్లో బొద్దింకలు బాగా తగ్గాయి. ఉండల సంగతి నేను మర్చిపోయాను.

తర్వాత నెలలో అక్క తన పద్నాలుగు నెలల పాపతో మా ఇంటికి వచ్చింది. మధ్యాహ్నం పాప ఫ్రిజ్ ముందు బోర్లా పడుకుని ఏదో చప్పరిస్తూ కనిపించింది. చేతిలో సగం కొరికిన ఉండ ఉంది.

ఆసుపత్రిలో డాక్టర్ మొదట అడిగిన ప్రశ్నలు మూడు. పాప బరువెంత? ఉండలో బోరిక్ పౌడర్ ఎంత? మొత్తం ఎన్ని ఉండలు పెట్టారు, ఇప్పుడు ఎన్ని ఉన్నాయి? మొదటి రెండింటికీ జవాబు చెప్పగలిగాం. మూడోదానికి చెప్పలేకపోయాం. ఇంట్లో ఉన్నవాళ్లు వెతికితే ఎనిమిది ఉండలు దొరికాయి. పాప చేతిలోని సగంతో కలిపితే ఎనిమిదిన్నర. మిగతా ఒకటిన్నరలో సగం పాప తిన్నదే అనుకున్నా, ఇంకో పూర్తి ఉండ ఏమైంది?

ఈ వ్యాసం రాయడానికి ఆ ప్రశ్నే కారణం. బోరిక్ పౌడర్ పనిచేస్తుంది, అందులో సందేహం లేదు. కానీ అది బొద్దింకను చంపే తీరును అర్థం చేసుకుంటే, మనం తరతరాలుగా చేస్తున్న ఉండ ఎందుకు అవసరం లేదో, ఎందుకు ప్రమాదమో కూడా అర్థమవుతుంది.

ఒళ్లు శుభ్రం చేసుకుంటూ విషం తింటుంది

బోరిక్ ఆమ్లం కొత్త మందేమీ కాదు. అమెరికాలో దీన్ని పురుగుమందుగా 1948లోనే నమోదు చేశారు. ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా ఇది బొద్దింకల మీద పనిచేస్తూనే ఉంది. స్ప్రేలలో వాడే పైరిథ్రాయిడ్ల లాంటి మందులను తట్టుకోవడం బొద్దింకలు చాలాచోట్ల నేర్చుకున్నాయి. బోరిక్ ఆమ్లం విషయంలో ఆ సమస్య పెద్దగా రాలేదు.

దీని గురించి రెండు అపోహలు తరచూ వినిపిస్తాయి. పొడి గాజుముక్కల్లా బొద్దింక ఒంటిని కోస్తుందనేది ఒకటి. కడుపు ఉబ్బి పగిలిపోతుందనేది రెండోది. అసలు జరిగేది వేరు. ఇది ప్రధానంగా కడుపులోకి వెళ్లి చంపే విషం.

బొద్దింక శుభ్రత ఎక్కువున్న పురుగు. మీసాలను నోటి గుండా లాగి తుడుచుకుంటుంది, కాళ్లను నాకుతుంది. వాసన పట్టడానికి మీసాలే ఆధారం కాబట్టి వాటి మీద దుమ్ము ఉంటే ఊరుకోదు. సందులో సన్నగా పరిచిన బోరిక్ పొడి మీదుగా నడిచినప్పుడు ఆ పొడి కాళ్లకు, మీసాలకు, పొట్టకు అంటుకుంటుంది. దాచుకున్న చోటికి వెళ్లి ఒళ్లు శుభ్రం చేసుకుంటూ దాన్ని మింగేస్తుంది. లోపలికి వెళ్లిన బోరిక్ ఆమ్లం ఆహారనాళం ముందు భాగంలోని లోపలి పొరను దెబ్బతీస్తుంది. ఆ తర్వాత బొద్దింక తిన్నది ఒంటపట్టక నీరసించి చనిపోతుంది.

ఇదంతా ఒక్క రాత్రిలో జరగదు. మూడు రోజుల నుంచి పది రోజుల దాకా పట్టవచ్చు. ఈ ఆలస్యమే దీని బలం. తిన్న వెంటనే పక్కనున్నవి చస్తే మిగతావి ఆ చోటికి రాకపోవచ్చు. ఇక్కడ అలాంటి హెచ్చరిక వాటికి అందదు.

అయితే ఈ మందు గుడ్లను ఏమీ చేయదు. మన వంటిళ్లలో కనిపించే చిన్న గోధుమరంగు జర్మన్ బొద్దింకలో ఆడది 30 నుంచి 40 గుడ్లున్న సంచిని, అవి పొదిగే వరకూ తోక దగ్గర మోసుకుని తిరుగుతుంది. ఆ పిల్లలు బయటికి వచ్చాక అవి కూడా పొడి మీద నడిస్తేనే చస్తాయి. అందుకే పొడి కొన్ని వారాలపాటు అక్కడే, పొడిగా, కదలకుండా ఉండాలి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. కింద ఉన్న పొడిని కాళ్లకు అంటించుకుని, తర్వాత ఆ కాళ్లను నాకే ప్రాణి బొద్దింక ఒక్కటేనా? పిల్లి కూడా అంతే చేస్తుంది. పాకే పాప అరచేతులు నేల మీద పెట్టి, మరుక్షణం నోట్లో పెట్టుకుంటుంది. బొద్దింకను పట్టించే అలవాటే వాళ్లనూ పట్టిస్తుంది. కాబట్టి బోరిక్ పౌడర్ వాడకంలో అసలు ప్రశ్న ఒక్కటే: బొద్దింక వెళ్లగలిగి, పాప చేయి గానీ పిల్లి పాదం గానీ వెళ్లలేని చోటు ఏది?

ఉప్పంత సురక్షితమా?

ఇంటర్నెట్‌లో చాలా చోట్ల 'బోరిక్ ఆమ్లం వంటింటి ఉప్పు కంటే ప్రమాదకరం కాదు' అని రాస్తారు. ఎలుకల మీద చేసిన పరీక్షల్లో ఒక్కసారిగా తినిపించినప్పుడు చంపే మోతాదు రెండింటికీ దగ్గరదగ్గరగా ఉండటం దీనికి ఆధారం. ఆ లెక్క తప్పు కాదు. కానీ అది పెద్ద ఎలుకకు, ఒక్క మోతాదుకు సంబంధించిన లెక్క. పసిపిల్లల విషయంలో వైద్య చరిత్ర చెప్పేది మరో కథ.

గత శతాబ్దం మొదటి సగంలో బోరిక్ పౌడర్‌ను పిల్లల ఒంటికి పూసేవారు, దాని ద్రావణంతో కళ్లు, పుండ్లు కడిగేవారు. 1949లో కెనడా వైద్య సంఘం పత్రిక బోరిక్ ఆమ్లం వల్ల ప్రమాదవశాత్తు చనిపోయిన ఆరుగురు శిశువుల గురించి ప్రచురించింది. అలాంటి ఘటనలు అంతకుముందూ ఉన్నాయి. తర్వాత కాలంలో చాలా దేశాల్లో పిల్లల పౌడర్ల నుంచి దీన్ని తప్పించారు. మంచి చర్మం గుండా ఇది లోపలికి పెద్దగా పోదు. కానీ డైపర్ వల్ల ఒరుసుకుపోయి ఎర్రబడిన చర్మం గుండా పోతుంది.

మరో వైపు, 1988లో అమెరికా వైద్యులు బోరిక్ ఆమ్లం మింగిన 784 మంది వివరాలను ప్రచురించారు. వారిలో ఎవరూ చనిపోలేదు. ఎక్కువ మందికి ఏ లక్షణమూ రాలేదు.

ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధంగా కనిపిస్తాయి గానీ, నిజానికి కావు. తేడా మోతాదులోనూ, ఎన్నిసార్లు అన్నదానిలోనూ ఉంది. ఒక్కసారి కాస్త నాకితే శరీరం దాన్ని మూత్రం ద్వారా బయటికి పంపేస్తుంది. పెద్ద మోతాదు ఒకేసారి వెళ్లినా, చిన్న మోతాదు రోజూ వెళ్లినా అది పేరుకుపోతుంది. లోపలికి వెళ్లిన దానిలో సగం తగ్గడానికే సాధారణంగా చాలా గంటలు, ఒక్కోసారి రోజు దాకా పడుతుంది. పసిపిల్లల మూత్రపిండాలు ఇంకా పూర్తి సామర్థ్యానికి రాకపోవడం దీనికి తోడవుతుంది.

రోజూ కొంచెం కొంచెం వెళ్తే ఏమవుతుందో చెప్పే కేసులు 1983లో బయటపడ్డాయి. తేనెలో వెలిగారం కలిపిన మిశ్రమాన్ని పాలపీకకు రాసి ఇవ్వడం వల్ల ఏడుగురు శిశువులకు ఫిట్స్ వచ్చాయని వైద్యులు నివేదించారు. ఆ మిశ్రమం ఆపాక ఫిట్స్ ఆగాయి. వెలిగారం అంటే బోరాక్స్. అది బోరిక్ ఆమ్లపు సోడియం లవణం, కడుపులోకి వెళ్లాక బోరిక్ ఆమ్లంగా మారుతుంది. పసిపిల్లల నాలుక మీద తెల్లపూత వస్తే వెలిగారం పొంగించి తేనెలో రంగరించి రాయడం మన ఇళ్లలోనూ ఉన్న అలవాటే. బొద్దింకల మందుకూ, ఆ మందుకూ మూలం ఒకటేనని చాలామందికి తెలియదు.

దీర్ఘకాలం ఎక్కువ మోతాదు ఇచ్చిన జంతువుల్లో సంతాన సామర్థ్యం దెబ్బతినడం, గర్భంలోని పిల్లల ఎదుగుదల మీద ప్రభావం పడటం కూడా పరీక్షల్లో కనిపించాయి. ఐరోపా సమాఖ్య 2010లో దీన్ని తీవ్ర ఆందోళన కలిగించే పదార్థాల జాబితాలో చేర్చడానికి కారణం అదే. సందులో చెంచాడు పొడి చల్లినందుకు ఆ స్థాయి ప్రమాదం రాదు. అయినా పొడి పని గర్భిణి చేయకుండా ఇంట్లో మరొకరు చేయడం మంచిది.

ఒక ఉండ, పది కిలోల పాప

ఇప్పుడు మా ఉండ లెక్కకు వద్దాం. విష సమాచార కేంద్రాల వైద్యులు పాటించే ఒక హద్దు ఉంది. 30 కిలోలలోపు బరువున్న పిల్లలు కిలో బరువుకు 200 మిల్లీగ్రాములు, అంతకంటే ఎక్కువ బోరిక్ ఆమ్లం ఒకేసారి మింగి ఉంటే ఆసుపత్రికి పంపి పరీక్ష చేయాలన్నది ఆ హద్దు.

మా పాప బరువు 10 కిలోలు. అంటే ఆమెకు హద్దు 2 గ్రాములు. నేను 20 గ్రాముల పొడితో పది ఉండలు చేశాను. అంటే ఒక్కో ఉండలో 2 గ్రాములు. ఒక్క ఉండ పూర్తిగా తింటే పాప సరిగ్గా ఆ హద్దు మీద ఉంటుంది. సగం తింటే 1 గ్రాము, హద్దులో సగం. కనిపించని ఉండ కూడా తినేసి ఉంటే మొత్తం 3 గ్రాములు, హద్దు దాటినట్టే.

సగమే తిన్నదని ఖాయంగా తెలిస్తే ఇంటికి పంపేసేవాళ్లమని డాక్టర్ చెప్పారు. లెక్క తేలలేదు కాబట్టి పాపను ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉంచారు. ఒకసారి వాంతి అయింది. మూత్రం ఎంత వస్తోందో చూస్తూ, రక్త పరీక్ష చేసి, ఉదయం పంపారు. పదో ఉండ తర్వాత రోజు సిలిండర్ ట్రాలీ చక్రం వెనక దొరికింది.

ఈ లెక్క గుర్తుంచుకోవడం తేలిక. పొడి ఎంత గట్టిగా నింపారన్నదాన్ని బట్టి, ఒక చిన్న టీ చెంచా సమానంగా నింపితే సుమారు 3 నుంచి 4 గ్రాముల బోరిక్ పౌడర్ పడుతుంది. పది కిలోల పాపకు హద్దు దాటడానికి అది చాలు. అదే సందులో ఊది వేసిన సన్నపొర మీద వేలు పెడితే అంటేది చాలా తక్కువ. పదార్థం అదే. ఉండగా చేస్తే తీపి రుచితో, చేతికి అందే ఆకారంలో, మోతాదంతా ఒక్కచోట పోగుపడుతుంది. పైగా చూడటానికి సున్నుండలా ఉంటుంది.

అంత గాఢత అవసరం కూడా లేదు. జర్మన్ బొద్దింకల మీద చేసి 2004లో ప్రచురించిన ప్రయోగశాల పరీక్షల్లో, చక్కెర నీళ్లలో అర శాతం నుంచి 2 శాతం బోరిక్ ఆమ్లం కలిపినా అవి తాగి చనిపోయాయి. నేను చేసిన ఉండలో అది 40 శాతం. పిండి, చక్కెర కలపకుండా ఉత్త పొడిని సన్నగా పరిచినా పనిచేస్తుంది, ఎందుకంటే బొద్దింక దాన్ని ఆకలితో తినదు, ఒళ్లు నాకుతూ మింగుతుంది. కాబట్టి పసిపిల్లలు, పెంపుడు జంతువులు ఉన్న ఇంట్లో ఉండలు మానేయడమే మేలు.

పొడి ఎలా, ఎక్కడ వేయాలి?

ముందుగా కొన్నది ఏమిటో చూడండి. మన దగ్గర చాలామంది క్యారమ్ బోర్డు పౌడర్‌నే వాడతారు. కానీ అన్ని క్యారమ్ పౌడర్లూ బోరిక్ ఆమ్లం కావు. కొన్నిటిలో పిండి పదార్థమో, మరో పొడో ఉంటుంది. డబ్బా మీద బోరిక్ యాసిడ్ అని రాసి ఉంటేనే పనికొస్తుంది. మన దేశంలో 1968 పురుగుమందుల చట్టం జాబితాలో బోరిక్ ఆమ్లం ఉంది. అయినా ఆటవస్తువుగా, మందుగా అమ్మే డబ్బా ఇంట్లో టాల్కం పౌడర్ పక్కన చేరుతుంది. పిండి డబ్బాలోకి, పంచదార సీసాలోకి దాన్ని ఎప్పుడూ మార్చకండి. 'విషం' అని రాసి, తాళం ఉన్న అలమరలో పై అరలో పెట్టండి.

తర్వాత బొద్దింకలు ఎక్కడున్నాయో కనుక్కోవాలి. రాత్రి లైట్లు ఆర్పిన రెండు గంటల తర్వాత టార్చితో వంటింట్లోకి వెళ్లండి. మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు కనిపించే మూలలు వాటి దారులు. జిగురు అట్టలు మూడు నాలుగు పెట్టి ఒక రాత్రి వదిలితే ఏ మూల ఎక్కువ పడుతున్నాయో తెలుస్తుంది. ఆ సంఖ్య రాసి పెట్టుకోండి, తర్వాత ఉపయోగపడుతుంది.

పొడి వేసే ముందు ఆ చోటును జిడ్డు లేకుండా తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. సన్నటి మూతి ఉన్న మెత్తటి ప్లాస్టిక్ సీసా, సాస్ సీసా లాంటిది, తీసుకుని సగం వరకే పొడి నింపండి. గడ్డలు కట్టకుండా రెండు చిన్న గులకరాళ్లు వేయండి. ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఫ్యాను ఆపి, సీసా మూతిని సందులోకి పెట్టి మెల్లగా నొక్కండి. గాలితో పాటు కాస్త పొడి లోపలికి వెళ్లాలి. పని అయ్యాక ఆ సీసాను కూడా డబ్బాతో పాటే తాళం వేసి పెట్టండి.

ఎంత వేయాలి? కంటికి కనిపించీ కనిపించనట్టు ఉండాలి. టేబుల్ మీద వారం రోజులు తుడవకపోతే పేరుకునే దుమ్మంత చాలు. మామూలు వంటింటి మొత్తానికి రెండు మూడు టీ చెంచాలు మించవు. తెల్లగా కుప్పగా కనిపిస్తే బొద్దింక దాన్ని చుట్టి వెళ్లిపోతుంది. ఎక్కువ వేస్తే ఎక్కువ పనిచేస్తుందనుకోవడమే అందరూ చేసే పొరపాటు. ఆ కుప్పే పిల్లలకూ ప్రమాదం.

చోటు ఎంచుకోవడానికి నేనిప్పుడు ఒక పరీక్ష పాటిస్తున్నాను. నేల మీద బోర్లా పడుకుని పాపలా చూస్తాను. పసిపిల్ల చేయి సందులోకి దాదాపు అడుగు దాకా వెళ్తుంది. అంతకంటే లోపలైతేనే, లేదా వేలు పట్టనంత సన్నటి పగులైతేనే అక్కడ పొడి వేస్తాను.

సింక్ పైపు గోడలోకి వెళ్లే రంధ్రం మంచి చోటు. అందులో పొడి ఊది, బయటి మూతిని తెల్ల సిమెంటుతోనో సిలికాన్‌తోనో మూసేయండి. గోడ లోపల తిరిగే బొద్దింకలు పొడి మీద నడుస్తాయి, బయట ఎవరి చేతికీ అందదు. వంటగట్టు కింది అలమరలు గోడను ఆనే వెనక సందు, కింది చెక్కపీఠం వెనక ఖాళీ, అలమర తలుపుల మడతబందుల వెనక పగుళ్లు, గోడలో బిగించిన అరల వెనక భాగం కూడా అలాంటివే. ఫ్రిజ్ విషయంలో మాత్రం ముందు నుంచి చల్లకూడదు. ప్లగ్ తీసి, ఫ్రిజ్‌ను ముందుకు లాగి, వెనక గోడ మూలలో వేసి మళ్లీ తోసేయాలి.

వేయకూడని చోట్లు కూడా అంతే ముఖ్యం. గట్టు మీద, గిన్నెలు, పప్పు డబ్బాలు పెట్టే అరల్లో, తెరిచి ఉన్న నేల మీద, మంచాల కింద, పిల్లల బొమ్మల దగ్గర, పిల్లి పడుకునే మూలలో వద్దు. స్విచ్‌బోర్డుల్లోకి ఊదకండి. బయటికి రాలిన పొడిని ఊడ్చి గాల్లోకి లేపకుండా తడిగుడ్డతో వెంటనే తుడిచేయండి.

పనిచేయకపోతే ఎక్కడ తప్పింది?

నెల తర్వాత జిగురు అట్టలు అదే చోట్ల మళ్లీ పెట్టి లెక్కపెట్టండి. మొదటి రాత్రి ఇరవై పడి, ఇప్పుడు మూడో నాలుగో పడితే దారిలో ఉన్నట్టే. మొదటి వారంలో పగటి పూట నెమ్మదిగా, మత్తుగా తిరిగే బొద్దింకలు కనిపిస్తే కంగారు పడకండి, అవి పొడి తిన్నవే. పిల్ల బొద్దింకలు మాత్రమే కనిపిస్తుంటే మిగిలిన గుడ్లు పొదిగాయన్నమాట, ఇంకో రెండు మూడు వారాలు ఆగాలి.

ఏమీ తగ్గకపోతే ముందు పొడిని చూడండి. తడిసి గడ్డకట్టిన పొడి కాళ్లకు అంటదు. మన వానాకాలంలో, సింక్ కింద కారే పైపు దగ్గర ఇది సర్వసాధారణం. కారుడు ఆపి, తుడిచి, ఆరాక మళ్లీ వేయాలి. రెండో కారణం స్ప్రే. పొడి వేసిన చోట మామూలు పురుగుల స్ప్రే కొట్టినా, చీమల సుద్దముక్కతో గీత గీసినా ఆ మందుకు బెదిరి బొద్దింకలు అటు రావు. రెండింటిలో ఒకటే వాడాలి. మూడో కారణం తిండి, నీళ్లు. రాత్రంతా సింక్‌లో ఎంగిలి గిన్నెలుంటే అవి దాక్కున్న చోటి నుంచి నేరుగా అక్కడికే వెళ్తాయి, పొడి ఉన్న దారిలోకి రావు.

దీనికి పరిమితులు కూడా ఉన్నాయి. బాత్రూం జాలీ గుండా పైకి వచ్చే పెద్ద ఎర్రటి బొద్దింకలు డ్రైనేజీలో ఉండేవి. తడిలో పొడి పనిచేయదు. అక్కడ సన్న రంధ్రాల జాలీ బిగించడమే మార్గం. అపార్టుమెంటులో పైపుల షాఫ్ట్ అందరిదీ ఒకటే అయితే మీ ఒక్క ఇంట్లో వేస్తే పక్కింటి నుంచి వస్తూనే ఉంటాయి.

చీమలకైతే పొడి కంటే పలుచని తీపి నీళ్లు పనిచేస్తాయి. 100 మిల్లీలీటర్ల గోరువెచ్చటి నీళ్లలో 10 గ్రాముల చక్కెర, 1 గ్రాము బోరిక్ ఆమ్లం కరిగించాలి. ఒక గ్రాము అంటే పావు టీ చెంచా. ఎక్కువ కలిపితే చీమలు తాగవు, లేదా పుట్టకు చేరకముందే చస్తాయి. పలుచగా ఉంటే తాగి వెళ్లి పుట్టలోని రాణికీ, పిల్లలకూ నోటితో అందిస్తాయి. దూదిని ఇందులో ముంచి, మూతకు సన్న రంధ్రాలు పెట్టిన చిన్న డబ్బాలో ఉంచి, కిటికీ పైభాగం లాంటి ఎత్తైన చోట చీమల బారు పక్కన పెట్టండి. మిగిలిన ద్రావణం నీళ్ల సీసాలో దాచకుండా పారబోయండి.

కుక్క, పిల్లి ఉన్న ఇంట్లో

కుక్కకు ప్రమాదం పొడితో కంటే ఉండతోనే. తీపి, పాలు, పిండి వాసనకు అది ఒక్కటి కాదు, దొరికినన్నీ తినేస్తుంది. మూడు కిలోల కుక్కపిల్ల నేను చేసిన ఉండలు మూడు తింటే 6 గ్రాములు, అంటే కిలోకు 2 గ్రాములు. కుక్కలు త్వరగా వాంతి చేసుకోవడం వల్ల కొంత బయటికి పోతుంది, కానీ దాని మీద ఆధారపడలేం. చొంగ కారడం, వాంతులు, విరేచనాలు మొదట కనిపిస్తాయి. మోతాదు ఎక్కువైతే నీరసం, వణుకు, ఫిట్స్, మూత్రపిండాలు దెబ్బతినడం దాకా వెళ్తుంది. ముసలి జంతువులు, ఇప్పటికే కిడ్నీ జబ్బు ఉన్నవి మరింత త్వరగా దెబ్బతింటాయి.

పిల్లి ఉండను పట్టించుకోకపోవచ్చు, కానీ పొడి మీద నడిచి రోజూ పాదాలు నాకుతుంది. పాదాలకు, బొచ్చుకు తెల్లపొడి కనిపిస్తే తడిగుడ్డతో తుడిచేయండి. అది తిరిగే సందుల్లో పొడి ఉంటే తీసేయండి. రెండిటిలో దేనికైనా లక్షణాలు కనిపిస్తే ఇంట్లో వాంతి చేయించకుండా డబ్బాతో సహా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

పాప నోట్లో పెట్టుకుంటే

మొదట నోట్లో మిగిలింది వేలికి గుడ్డ చుట్టి తీసేయండి. నోరు, చేతులు నీళ్లతో తుడవండి. కంట్లో పడితే మంచినీళ్లతో చాలాసేపు కడగండి. పాప మెలకువగా ఉండి మింగగలిగితే ఒకటి రెండు గుక్కల నీళ్లు చాలు. వాంతి చేయించకండి. మన ఇళ్లలో ఉప్పునీళ్లు తాగించే అలవాటుంది, పసిపిల్లలకు ఆ ఉప్పే ప్రాణాంతకం కావచ్చు.

తర్వాత నాలుగు విషయాలు కాగితం మీద రాయండి: పాప బరువు, తిన్న సమయం, మిశ్రమంలో కలిపిన పాళ్లు, ఎక్కువలో ఎక్కువగా ఎంత తిని ఉండవచ్చు. సందేహం ఉంటే ఎప్పుడూ ఎక్కువ వైపే లెక్కపెట్టండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117కు ఫోన్ చేసి ఈ వివరాలు చెప్పవచ్చు. మోతాదు హద్దు దగ్గర ఉన్నా, ఏడాదిలోపు పాప అయినా, లక్షణాలు మొదలైనా ఫోన్ కోసం ఆగకుండా 108కి చెప్పి ఆసుపత్రికి వెళ్లండి. డబ్బా, మిగిలిన ఉండ వెంట తీసుకెళ్లండి.

లక్షణాలు వెంటనే రాకపోవచ్చు. కొన్ని గంటల తర్వాత మొదలయ్యే వాంతి, విరేచనాల్లో నీలం ఆకుపచ్చ రంగు కనిపించవచ్చు. పాప విపరీతంగా చిరాకు పడటం, లేదా మత్తుగా మారడం, ఒళ్లంతా ఉడికినట్టు ఎర్రబడి ఒకటి రెండు రోజుల్లో అరచేతులు, అరికాళ్లు పొట్టు లేవడం, మూత్రం తగ్గడం, ఫిట్స్ తీవ్రతకు గుర్తులు. దీనికి విరుగుడు మందు లేదు. చాలా విషాలకు ఇచ్చే బొగ్గుపొడి బోరిక్ ఆమ్లాన్ని సరిగా పట్టుకోదు. సెలైన్‌తో మూత్రం బాగా వచ్చేలా చేస్తారు. తీవ్రమైన కేసుల్లో డయాలిసిస్ దీన్ని రక్తం నుంచి బాగా తీసేస్తుంది. అందుకే ఎంత త్వరగా తీసుకెళ్తే అంత మేలు.

మా ఇంట్లో ఇప్పుడు ఉండలు లేవు. సింక్ పైపు పక్కన రంధ్రంలో కాస్త పొడి ఉంది, దాని మీద తెల్ల సిమెంటు ఉంది. ఆంటీకి జరిగింది చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత తమ వంటింట్లోకి వెళ్లి, ఫ్రిజ్ కింద చీపురు పెట్టి లాగారు. ఎండిపోయి రాయిలా అయిన ఉండలు నాలుగు బయటికి వచ్చాయి. ఎప్పుడు పెట్టారో, ఎన్ని పెట్టారో ఆమెకూ గుర్తు లేదు. మీ ఇంట్లోనూ ఎప్పుడో పెట్టినవి ఉంటే ఇవాళే వెతికి, లెక్కపెట్టి తీసేయండి.